ఉగ్గాని ముద్దవుతోందా? అరవై సెకన్ల వీడియోకి మొదటి మూడు సెకన్లు

(కర్నూలులో వంట వీడియోలు కొత్తగా మొదలుపెట్టిన వారి కోసం ఏర్పాటైన సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఈ రోజు నేను ఒకే ఒక్క వంటకం, ఒకే ఒక్క వీడియో, అందులోనూ మొదటి మూడు సెకన్ల గురించి మాత్రమే మాట్లాడతాను. వంటకం మనందరికీ తెలిసిన ఉగ్గాని. వీడియో నిలువుగా, ఫోన్ పట్టుకున్నట్టే ఉండే అరవై సెకన్ల వీడియో. చూసేవాళ్లు వంటగదిలోకి కొత్తగా అడుగుపెట్టినవాళ్లు. హాస్టల్ వదిలి రూమ్ తీసుకున్న పిల్లలు, ఉద్యోగానికి బెంగళూరు వెళ్లి హోటల్ తిండితో విసిగిపోయినవాళ్లు, ఇంట్లో అమ్మ ఊరెళ్తే స్టవ్ ముందు నిలబడి ఆలోచించేవాళ్లు. వాళ్ల వేలు ఫోన్ మీద పైకి తోయకుండా ఆగాలి. అలా ఆపే మొదటి మాటనూ మొదటి బొమ్మనూ కలిపి హుక్ అంటున్నాం. దాన్ని రాయడం ఎలాగో చూద్దాం.

చాలామంది ఇలా మొదలుపెడతారు: "హాయ్ అండీ, అందరూ బాగున్నారా, ఈ రోజు మనం రాయలసీమ స్పెషల్ ఉగ్గాని ఎలా చేసుకోవాలో చూద్దాం." మర్యాదగానే ఉంది. కానీ ఈ మాట పూర్తయ్యేసరికి అయిదారు సెకన్లు గడిచిపోతాయి. అంటే అరవైలో పదో వంతు. అంతసేపూ చూసేవారికి తమ గురించి ఒక్క మాటా వినపడలేదు. ఎదురుగా కూర్చున్నవాళ్లకి పలకరింపు కావాలి. ఒక వీడియో నుంచి ఇంకో వీడియోకి తోసుకుంటూ పోతున్నవాళ్లకి మాత్రం 'ఇది నా కోసమే' అని ముందు తెలియాలి.

ఇంకొందరు నోరూరించే ప్లేటుతో మొదలుపెడతారు. పైన కొత్తిమీర, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు, కొంచెం ఆవిరి. వంట వచ్చినవాళ్లు దాన్ని చూసి ఆగుతారు, ఎందుకంటే ఆ ప్లేటుకీ తమకీ మధ్య ఎంత దూరముందో వాళ్లకి తెలుసు. రానివాళ్లకి అది బాగా చేసేవాళ్ల వంటగానే కనిపిస్తుంది, తమ వంటగా కనిపించదు. పైగా ఆ బజ్జీ వల్ల ఇంకో చిక్కు ఉంది. మొదటి బొమ్మలో బజ్జీ చూపించారంటే బజ్జీ కూడా నేర్పిస్తామని మాటిచ్చినట్టే. బజ్జీకి శనగపిండి కలపాలి, బాండలి నిండా నూనె కాగాలి, అది ఎంత కాగిందో తెలియాలి. అరవై సెకన్లలో కుదరదు, కొత్తవాళ్లకి మొదటి రోజు వద్దు కూడా. ఉగ్గాని పక్కన బజ్జీ లేకపోతే మన కర్నూలువాళ్లు, అనంతపురంవాళ్లు కామెంట్లలో ఊరుకోరని నాకు తెలుసు. అయినా మొదటి బొమ్మలో బజ్జీ పెట్టకండి. చివర్లో "బజ్జీ ఇంకో వీడియోలో" అని ఒక్క మాట చెబితే చాలు.

మరి ఏం పెట్టాలి? హుక్ రాయడానికి ముందు పెన్ను పట్టుకోకండి. వంట రానివాళ్లని ఒకరిని వంటగదిలో నిలబెట్టి, మీరు నోరు మూసుకుని వాళ్ల చేతుల్ని చూడండి. ఉగ్గాని విషయంలో ఏం జరుగుతుందో చెబుతాను. కొత్తవాళ్లు మొదట గిన్నెలో నీళ్లు పోసి బొరుగులు వేసేస్తారు. ఉగ్గాని అంటే బొరుగులు నానబెట్టి చేస్తారని విన్నారు కదా, అందుకని అదే మొదటి పని అనుకుంటారు. తర్వాత ఉల్లిగడ్డ తీసుకుని కోయడం మొదలుపెడతారు. చెయ్యి తిరిగినవాళ్లకి రెండు ఉల్లిగడ్డలు ఎంతసేపు? కొత్తవాళ్లు పొట్టు తీయాలి, కళ్లు తుడుచుకోవాలి, నిదానంగా కోయాలి. ఆ తర్వాత పచ్చిమిరపకాయలు. ఈలోగా అక్కడ బొరుగులు నీళ్లు తాగి తాగి పిండైపోయాయి. పిండబోతే వేళ్ల సందుల్లోంచి గుజ్జు వస్తుంది. అది తిరగబాతలో పడితే ఉగ్గాని కాదు, ముద్ద.

అంటే తప్పు నానబెట్టడంలో లేదు, పనుల వరసలో ఉంది. బొరుగులు చివర్లో నానాలి. కోయాల్సినవి కోసి, తిరగబాత వేసి, ఉల్లిగడ్డ మగ్గాక మంట బాగా తగ్గించి, అప్పుడు బొరుగుల్ని నీళ్లలో ముంచి పిండాలి. ఈ కారణం దొరికితే హుక్ దొరికినట్టే. కారణం తెలియకుండా "ఈ ఒక్క తప్పు అస్సలు చేయకండి" అని రాస్తే అది ఏ వంటకైనా అతుకుతుంది. ఏ వంటకైనా అతికే మాట చూసి కొత్తవాళ్లు ఆగరు. ఆ తప్పు తాము చేస్తున్నారో లేదో వాళ్లకి తెలియదు కదా.

ఇప్పుడు రాద్దాం. మనసులో వచ్చిన మొదటి వాక్యం ఇలా ఉంటుంది: "బొరుగులు నీళ్లలో నానబెట్టి, ఆ తర్వాత ఉల్లిగడ్డలు కోయడం మొదలుపెడితే మీ ఉగ్గాని ముద్ద ముద్దగా తయారవుతుంది." విషయమంతా ఉంది. అక్షరాలు లెక్కపెట్టండి, 44. మామూలుగా మాట్లాడితే సెకనుకి ఆరేడు అక్షరాలు పలుకుతాం. అంటే ఇది దాదాపు ఏడు సెకన్లు. నిడివి ఒక్కటే కాదు, ఇంకో పెద్ద ఇబ్బంది ఉంది. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. అసలు సంగతి, అంటే ఉగ్గాని ముద్దవడం, వాక్యం చివర ఉంది. ఆ మాట పలికేలోపే వేలు పైకి వెళ్లిపోతుంది. అంతవరకు విన్నవారికి బొరుగులు నానబెట్టడం, ఉల్లిగడ్డలు కోయడం అన్న రెండు మామూలు పనులే వినపడ్డాయి. తెలుగులో హుక్ రాసేవాళ్లు ఎక్కువగా పట్టించుకోవాల్సింది ఇదే అని నా అభిప్రాయం. పొడుగు వాక్యాన్ని గబగబా చదివి మూడు సెకన్లలో ఇరికించడం కాదు, దాన్ని రెండుగా విరవాలి. బాధ ముందు చెప్పాలి, కారణం తర్వాత చెప్పాలి.

రెండో ప్రయత్నం: "బొరుగులు నానేసి ఉల్లిగడ్డలు కోస్తున్నారా? ముద్దయ్యేది అక్కడే." 23 అక్షరాలు. సగానికి తగ్గింది. కానీ బాధ ఇంకా చివరే ఉంది. తిప్పి రాద్దాం.

"ఉగ్గాని ముద్దవుతోందా? బొరుగులు ముందే నానేశారు."

18 అక్షరాలు. మూడు సెకన్లలోపు. మొదటి 8 అక్షరాలకే, అంటే సెకను దాటీ దాటకముందే, వంటకం పేరూ వచ్చింది, బాధా వచ్చింది. మిగతా సగంలో కారణం వచ్చింది. ఇందులో వంట రానివాళ్లకి తెలియని మాట ఒక్కటీ లేదు. 'మగ్గాక', 'తిరగబాత చిటపటలాడగానే' లాంటి మాటలు తర్వాత రావచ్చు, ఎందుకంటే అప్పుడు బొమ్మలో అవి జరుగుతూ కనిపిస్తాయి. మొదటి మూడు సెకన్లలో మాత్రం వద్దు. ఇంకొకటి, కోస్తాలోనూ తెలంగాణలోనూ బొరుగుల్ని మరమరాలంటారు. నోటితో మన మాటే అనండి, తెర మీద అక్షరాల్లో మాత్రం 'బొరుగులు / మరమరాలు' అని రెండూ వేయండి. పలికే సమయం పెరగదు, అక్కడివాళ్లూ ఆగుతారు.

కారణం మొదట్లోనే చెప్పేస్తే ఇంక వీడియో ఎందుకు చూస్తారని మీకు అనిపించవచ్చు. చివరి దాకా దాచిపెట్టి ఊరించాలని చాలామంది సలహా ఇస్తారు. వంట వచ్చినవాళ్ల విషయంలో అది కొంత పనిచేస్తుంది, ఎందుకంటే వాళ్లకి కావాల్సింది ఆ ఒక్క కిటుకే, అది దొరికితే వెళ్లిపోతారు. కొత్తవాళ్లు అలా కాదు. "ముందే నానేశారు" అని తెలిసినంత మాత్రాన వాళ్లకి పని అయిపోదు. మరి ఎప్పుడు నానబెట్టాలి, ఎంతసేపు, నానిందని ఎలా తెలుస్తుంది, ఎంత గట్టిగా పిండాలి, ఈ ప్రశ్నలన్నీ అప్పుడే పుడతాయి. ఆ జవాబుల కోసం ఆగుతారు. కొత్తవాళ్ల దగ్గర కారణం దాచడం వల్ల మనకి లాభం లేదు, వాళ్లకి నష్టం.

ఇక బొమ్మ. నిలువు తెర వెడల్పు 9 అయితే ఎత్తు 16. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ముద్దైన ఉగ్గాని ప్లేటు ఒకటి, పొడిపొడిగా ఉన్న ప్లేటు ఒకటి పక్కపక్కన పెట్టి తేడా చూపిద్దామనుకుంటే రెండూ అరచేతి వెడల్పు ఫోన్‌లో చిన్నవైపోతాయి. బొరుగు గింజ విడిగా ఉందో లేదో కనపడదు. అందుకని ప్లేట్లు వదిలేయండి. ఒక పిడికిలి చాలు. మొదటి ఫ్రేములోనే పిడికిలి బొరుగుల్ని పిండుతూ ఉండాలి, వేళ్ల సందుల్లోంచి తెల్లటి గుజ్జు బయటికి రావాలి. చెయ్యి గిన్నె దగ్గరికి వెళ్లడం, బొరుగులు తీసుకోవడం చూపించకండి. గుజ్జు వస్తున్న క్షణం నుంచే వీడియో మొదలవ్వాలి. "ఉగ్గాని ముద్దవుతోందా" అన్న మాటకి ఆ గుజ్జు కనపడాలి. "ముందే నానేశారు" అన్నప్పుడు కెమెరా కదపకుండా అదే చోట ఇంకో పిడికిలి తెరుచుకుని, గింజకి గింజ విడిపోయి రాలాలి. పిడికిలి నిలువు తెరలో చక్కగా పడుతుంది. మాట వినపడకుండా సౌండ్ ఆపేసి చూసేవాళ్లకి కూడా విషయం అర్థమవుతుంది.

తెర మీద వేసే అక్షరాల చోటు కూడా చూసుకోవాలి. అడుగున ఛానల్ పేరు, వివరణ వస్తాయి, కుడిపక్కన లైక్, కామెంట్ గుర్తులు నిలబడతాయి. అక్కడ వేసిన అక్షరాలు వాటి కింద పడిపోతాయి. నడుమ పిడికిలి ఉంటుంది కాబట్టి, దానికి కొంచెం పైన, రెండు వరసలకి మించకుండా వేయండి. మొత్తం వాక్యం అవసరం లేదు. పై వరసలో "ఉగ్గాని ముద్దవుతోందా?" అని, కింద బొరుగులు, మరమరాలు అన్న రెండు పేర్లు ఉంటే సరిపోతుంది.

ఇక్కడ ఒక అక్క ఇందాక టీ దగ్గర మంచి ప్రశ్న వేశారు. అసలు ఉగ్గాని ఎప్పుడూ చేయనివాళ్లకి అది ముద్దవుతుందని ఎలా తెలుస్తుంది, ఆ ప్రశ్న వాళ్లకి ఎందుకు తగులుతుంది అని. నిజమే. కొత్తవాళ్లలో రెండు రకాలున్నారు. ఒకసారి చేసి చెడగొట్టుకున్నవాళ్లు ఒకరు, స్టవ్ వెలిగించనివాళ్లు ఇంకొకరు. మొదటివాళ్లకి మాట తగులుతుంది. రెండోవాళ్లకి మాట కంటే బొమ్మే పనిచేస్తుంది. వేళ్ల సందుల్లో గుజ్జు చూస్తే ఇది చెడిపోయిందని ఎవరూ చెప్పక్కర్లేదు. పూర్తిగా రెండోవాళ్ల కోసమే చేయాలనుకుంటే హుక్ మార్చండి: "వంట రాదా? ఉల్లిగడ్డ కోయడం వస్తే ఉగ్గాని వచ్చినట్టే." ఇది 20 అక్షరాలు. అయితే ఈ మాట నిలబడాలంటే వీడియోలో ఉల్లిగడ్డ కోయడం కంటే కష్టమైన పని ఏదీ ఉండకూడదు. పుట్నాల పొడి ఇంట్లో కొట్టుకోవాలని మధ్యలో చెబితే మాట తప్పినట్టే. రెండు హుక్కులూ ఒకే వీడియోలో కలపొద్దు. ఒకటి తీసుకుని దానికి తగ్గట్టు చేయండి.

అలా ఎందుకంటే, హుక్ మొదటి మూడు సెకన్లతో అయిపోదు. మిగతా యాభై ఏడు సెకన్లలో దేనికి ఎంత చోటివ్వాలో అదే నిర్ణయిస్తుంది. మన ఉగ్గాని వీడియోలో మూడో సెకను నుంచి ఏడో సెకను దాకా ఒకే మాట: "ముందు అన్నీ కోసుకోండి, తిరగబాత అయ్యాకే బొరుగులు నీళ్లలో వేయండి." పదిహేనో సెకను వరకు కావాల్సినవి: నాలుగు గ్లాసుల బొరుగులు, రెండు ఉల్లిగడ్డలు, నాలుగు పచ్చిమిరపకాయలు, మూడు స్పూన్ల పుట్నాల పొడి, సగం నిమ్మకాయ. ముప్పయ్యో సెకను దాకా నూనె, ఆవాలు, శనగపప్పు, మిరపకాయలు, కరివేపాకు, ఉల్లిగడ్డ, పసుపు, ఉప్పు. ఇవి త్వరత్వరగా చూపించేయవచ్చు. ఆ తర్వాతి పన్నెండు సెకన్లు మాత్రం కత్తిరించకండి. బొరుగులు నీళ్లలో వేయడం, పైకి తేలినవాటిని అరచేత్తో ముంచడం, పిడికెడు తీసి పిండడం, పిడికిలి తెరవడం, ఇదంతా ఒకే షాట్‌లో నిదానంగా జరగాలి. మొదట ఇచ్చిన మాట తీరేది ఇక్కడే. మిగతా సమయంలో కలపడం, పుట్నాల పొడి చల్లడం, స్టవ్ ఆపాక నిమ్మకాయ పిండడం, అంతే.

ఎంతసేపు నానాలో హుక్‌లో అంకె వేద్దామని చాలామందికి అనిపిస్తుంది. "10 సెకన్ల కిటుకు" అంటే ఆకర్షణగా ఉంటుంది కూడా. వేయకండి. బొరుగులన్నీ ఒకలా ఉండవు. పల్చని బొరుగు నీళ్లు తగలగానే మెత్తబడుతుంది, మనవైపు ఉగ్గానికి వాడే మందపు బొరుగు ఇంకొంచెం ఆగుతుంది. మీ అంకె నమ్మి పల్చని బొరుగు వాడినవాళ్లకి మళ్లీ ముద్దే వస్తుంది, వాళ్లు మీ రెండో వీడియో దగ్గర ఆగరు. అంకెకి బదులు చేతికి తెలిసే గుర్తు చెప్పండి: వేళ్లతో నొక్కితే పైన మెత్తగా, లోపల కొంచెం బిగువుగా ఉంటే వెంటనే తీసేయాలి. "5 నిమిషాల్లో ఉగ్గాని" కూడా ఇలాంటిదే. ఆ అయిదు నిమిషాలు మీ చేతివి, కొత్తవారివి కావు.

షూటింగ్‌కి ముందు ఒక చిన్న పరీక్ష ఉంది, ఖర్చు లేనిది. ఇంట్లో వంట రానివాళ్లకి ఆ వాక్యం ఒక్కసారి చదివి వినిపించండి, వివరించకండి. "ఈ వీడియోలో ఏం తెలుస్తుందనుకుంటున్నావు?" అని అడగండి. "బొరుగులు ఎప్పుడు నానబెట్టాలో" అంటే సరే. "ఉగ్గాని చేయడం" అంటే మీ హుక్ ఇంకా వదులుగా ఉంది, పదును పెట్టాలి. బాగుందా అని మాత్రం అడగొద్దు. ఇంట్లోవాళ్లు బాగుందనే అంటారు.

వీడియో పెట్టాక ఏం చూడాలి? వ్యూస్ చూసి సంతోషపడొద్దు. యూట్యూబ్ 2025 మార్చి 31 నుంచి షార్ట్స్‌లో లెక్క మార్చింది. వీడియో మొదలైతే చాలు, ఒక వ్యూ పడుతుంది. వెంటనే తోసేసినా సరే. కాబట్టి హుక్ ఓడిపోయినా వ్యూస్ కనిపిస్తూనే ఉంటాయి. యూట్యూబ్ స్టూడియో యాప్‌లో ఆగి చూసినవాళ్లు ఎంత, తోసేసినవాళ్లు ఎంత అని విడిగా చూపిస్తుంది, అది చూడండి. పక్కనే ఏ సెకనులో ఎంతమంది మిగిలారో గీత ఉంటుంది. గీత మొదటి రెండు సెకన్లలోనే పడిపోతే మాటో బొమ్మో తగల్లేదని అర్థం. మూడు సెకన్లు నిలబడి ఎనిమిది, పది దగ్గర పడిపోతే హుక్ బాగానే ఉంది, మీరే దాని వెంట వెళ్లకుండా ఊరు విశేషాలో ఇంకేదో చెప్పడం మొదలుపెట్టారని అర్థం. అలాంటప్పుడు హుక్ మార్చకండి, నాలుగో సెకను నుంచి మళ్లీ రాయండి. ఈ అంకెల్ని పక్కవాళ్ల ఛానల్‌తో పోల్చడం వల్ల ఏమీ తెలియదు, ఎవరికి చూపించారన్నదాన్ని బట్టి అవి మారిపోతాయి. మీ పాత వీడియోలతోనే పోల్చుకోండి, చూసినవాళ్లు కొద్దిమందే ఉంటే ఇంకొన్నాళ్లు ఆగండి.

కామెంట్లు కూడా చదవండి. "సూపర్ అక్కా" అన్నవాళ్లలో చాలామందికి వంట వచ్చు. "నీళ్లు చల్లవా వేడివా?", "పుట్నాల పొడి లేకపోతే?" అని అడిగారంటే మీ హుక్ చేరాల్సినవాళ్లకి చేరింది. తర్వాతి హుక్ కూడా ఆ ప్రశ్నల్లోనే ఉంటుంది.

సమయం కొంచెం ఉంది. ఎవరైనా అడగాలనుకుంటే అడగండి.

(సభలోంచి ఒకరు: "అన్నా, నేను రాగి సంగటి వీడియో చేస్తున్నా. 'సంగటిలో ఉండలు కడుతున్నాయా?' అని మొదలుపెట్టినా. చాలదా?")

బాధ ముందే చెప్పావమ్మా, అది బాగుంది. కారణం రాలేదు. నువ్వు సంగటి చేసేటప్పుడు పిండి ఎప్పుడు కలుపుతావు?

("అన్నం మెత్తగా ఉడికినాక పైన పిండి పోసి, మూత పెట్టి, సన్న మంట మీద కాసేపు వదిలేస్తా. తర్వాత కట్టెతో ఎనుపుతా.")

చూశావా, కొత్తవాళ్లు ఆ కాసేపు వదలరు. పిండి వేయగానే భయపడి గరిటె పెట్టి తిప్పేస్తారు. పచ్చిపిండి చుట్టూ తడి పట్టి, లోపల పొడిగా ఉండిపోయి ఉండలు కడుతుంది. అదే రాయి: "సంగటిలో ఉండలా? పిండి వేయగానే కలిపేశారు." బొమ్మలో ఒక ఉండని వేళ్లతో విరిచి, లోపల పొడిపిండి చూపించు. ఆ తర్వాత పిండి గుట్టలా పోసి, కలపకుండా మూత పెట్టడం చూపించు. మూత పెట్టాక ఎంతసేపు ఉంచాలో కూడా చెప్పాలి కదా, అది పిండి కొలతను బట్టి మారుతుంది. కాబట్టి నిమిషాల బదులు నువ్వు మూత తీసి ఏం చూస్తావో, ఎలా ఉంటే కట్టె పెడతావో అది రాసుకుని రా. వాక్యం ఇద్దరం కూర్చుని సరిచేద్దాం.